ఏడో పేజీలో చదివే వరుస తప్పుతోంది, ప్యానెళ్ల అమరిక చూసి చెప్పండి

తూనీగ_గీతలు

పిల్లల కోసం 16 పేజీల బొమ్మల కథ గీస్తున్నాను. ఏ4 కాగితం మీద గీసి ఏ5 పుస్తకంగా అచ్చు వేయించాలని ఆలోచన. ఏడో పేజీ దగ్గర ఆగిపోయాను. పేజీ జత చేశాను. ఫోనులో సరిగా కనబడనివారి కోసం మాటల్లో కూడా చెబుతాను.

పైన పేజీ వెడల్పంతా ఒకే ప్యానెల్. వారపు సంత, జనం, తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ వస్తున్న అక్కాతమ్ముళ్లు. మధ్య వరుసలో ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రెండు చిన్న ప్యానెళ్లు. పైది రెండోది: తమ్ముడు కూరగాయల బండి కిందికి వంగి చూసి "ఇక్కడ కూడా లేదక్కా" అంటాడు. కిందిది మూడోది: బురదలో పడి ఉన్న మువ్వను అక్క చెయ్యి తీస్తోంది, మాటలు లేవు. ఆ రెండింటికీ కుడిపక్కన, వాటి ఎత్తు కలిపినంత పొడవున నాలుగోది: లారీలో గడ్డిమోపుల మీద మేకపిల్ల నిలబడి ఉంది, కింద అక్క వేలు చూపిస్తూ "అదిగో! లారీ మీద!" అని అరుస్తోంది. అడుగున రెండు ప్యానెళ్లు. ఐదోదానిలో లారీ డ్రైవరుతో మాటలు, ఆరోదానిలో లారీ కదిలిపోవడం.

చదివి చూడమని ముగ్గురికి ఇచ్చాను. ఇద్దరు రెండో ప్యానెల్ నుంచి నేరుగా పొడవాటి నాలుగోదానికి వెళ్లిపోయారు. మేక కనబడ్డాక మువ్వ దొరకడం ఏమిటని నన్నే అడిగారు. బొమ్మలు మళ్లీ గీయకుండా దీన్ని సరిచేయవచ్చా? ఐదు, ఆరు ప్యానెళ్లలో బుడగలు కూడా ఏదో ఇరుకుగా ఉన్నాయి, కారణం నాకు అందడం లేదు.

చుక్కలముగ్గు

ఆ ఇద్దరిదీ తప్పు కాదు. మనం తెలుగు చదివేది ఎడమ నుంచి కుడికి, ఆ వరుస అయ్యాక కిందికి. రెండో ప్యానెల్ పక్కన కుడివైపు ఏదైనా ఉంటే కన్ను అక్కడికే పోతుంది. కాబట్టి కుడివైపు పొడవాటి ప్యానెల్ పెట్టడమే తప్పు. దాన్ని ఎడమకు తెచ్చి, చిన్నవి రెండూ కుడివైపు పెట్టండి. అప్పుడు ఎవరూ పొరబడరు.

కొత్తకుంచె

ప్యానెళ్లకు మూలల్లో చిన్నగా 1, 2, 3 అని అంకెలు వేస్తే సరిపోదా?

తూనీగ_గీతలు

చుక్కలముగ్గు గారూ, పొడవాటిది ఎడమకు తెస్తే మొదట మేకే కనబడుతుంది కదా. వెతకడం, మువ్వ దొరకడం, ఆ తరువాతే మేక. కథకు ఆ వరుస తప్పదు.

కొత్తకుంచె గారూ, అంకెలు వేయడం నాకు ఇష్టం లేదు. కథలో ఉన్న పిల్లలు కాస్తా లెక్కల పుస్తకంలోకి వెళ్లిపోతారు.

రాత్రిబండి

ఇంత గందరగోళం ఎందుకు? ఫోనులో పై నుంచి కిందికి జరుపుకుంటూ చదివేలా చేయండి. 800 పిక్సెళ్ల వెడల్పు పెట్టుకుని ఒక్కో ప్యానెల్‌నూ ఒకదాని కింద ఒకటి పేర్చితే వరుస తప్పే అవకాశమే ఉండదు. మధ్యలో ఖాళీ ఎంత కావాలంటే అంత వదులుకోవచ్చు. మువ్వ తరువాత పెద్ద ఖాళీ వదిలితే, వేలితో జరుపుతున్నంతసేపూ పాఠకుడు మేక కోసం ఎదురు చూస్తాడు. నేను గీసేవన్నీ అలాంటివే.

తూనీగ_గీతలు

రాత్రిబండి గారూ, ఇది అచ్చు పుస్తకం. మా మండలంలో రెండు బడులకు ఇవ్వాలి, పిల్లల చేతుల్లో ఫోన్లు ఉండవు. మువ్వ తరువాత ఖాళీ అన్న మాట మాత్రం బాగుంది, దాన్ని కాగితం మీద ఎలా సాధించాలో చూడాలి.

సిరాబుడ్డి

పేజీ పెద్దది చేసి చూశాను. సలహా చెప్పే ముందు రెండు విషయాలు కావాలి. రెండో, మూడో ప్యానెళ్ల మధ్య అడ్డసందు ఎన్ని మిల్లీమీటర్లు? రెండో, నాలుగో ప్యానెళ్ల మధ్య నిలువుసందు ఎన్ని? అచ్చు కొలత వద్దు, మీ ఏ4 కాగితం మీద కొలిచి చెప్పండి.

ఈలోగా చుక్కలముగ్గు గారికి ఒక మాట. కన్ను ఎప్పుడూ కుడికే పోతుందన్నది సగమే నిజం. నీల్ కోన్ అనే పరిశోధకుడు బొమ్మలు లేని ఖాళీ గళ్ల పేజీలు మనుషులకు ఇచ్చి, చదివే వరుసలో అంకెలు వేయమన్నారు. 2013లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఇలా ఎడమవైపు రెండు చిన్నవి, కుడివైపు ఒక పొడవాటిది ఉన్న చోట ఎక్కువమంది కిందికే దిగారు, ముందు ఎడమ రెండూ ముగించి తరువాతే కుడికి వెళ్లారు. కుడికి వెళితే మూడోదాని కోసం మళ్లీ వెనక్కి రావాలి, అలా వెనక్కి రావడం కంటికి ఇష్టం ఉండదు. కాబట్టి ఈ అమరిక తనంత తానుగా చెడ్డది కాదు. తూనీగ గారి పేజీలో ఏదో ఒకటి పాఠకుణ్ణి కుడికి తోస్తోంది, అదేమిటో పట్టుకోవాలి.

చుక్కలముగ్గు

ఖాళీ గళ్ల మీద చేసిన పరీక్ష బొమ్మలున్న పేజీకి ఎలా వర్తిస్తుంది? ఇక్కడ ముగ్గురిలో ఇద్దరు కుడికి వెళ్లారు. నాకు ఆ ఇద్దరే సాక్ష్యం.

సిరాబుడ్డి

సరిగ్గా అందుకే కొలతలు అడిగాను. ఖాళీ గళ్లతో కిందికి దిగే పాఠకుడు ఈ పేజీలో కుడికి వెళ్లాడంటే, కారణం గళ్ల అమరికలో లేదు. సందుల్లోనో బుడగల్లోనో ఉంది.

తూనీగ_గీతలు

కొలిచాను. రెండుకూ మూడుకూ మధ్య 6 మి.మీ. రెండుకూ నాలుగుకూ మధ్య 3 మి.మీ. పేజీ అంతా ఇదే కొలత, అడ్డసందులన్నీ 6, నిలువుసందులన్నీ 3. మాంగా గీసేవారి కోసం పెట్టిన ఒక నమూనా పేజీ దొరికితే అందులో ఉన్న కొలతలే వాడుకున్నాను.

కుడినుంచి_ఎడమకు

అదే అసలు సంగతి! జపాన్ మాంగాలో అడ్డసందులు వెడల్పుగా, నిలువుసందులు సన్నగా ఉండటం మామూలు. వెడల్పు సందు కనబడితే "ఈ వరుస అయిపోయింది, కిందికి దిగు" అని అర్థం. సన్న సందు కనబడితే "ఇంకా ఇదే వరుస" అని. నేను ఏళ్ల తరబడి మాంగాలు చదువుతున్నాను, మీ పేజీ చూడగానే నా కన్ను కూడా రెండు నుంచి నాలుగుకు దూకింది. 6 మి.మీ. అడ్డసందు రెండోదాన్ని మూడోదాని నుంచి విడగొట్టేసింది. 3 మి.మీ. నిలువుసందు రెండోదాన్ని నాలుగోదానికి అతికించింది.

మాంగా కుడి నుంచి ఎడమకు చదివేదైనా ఈ సూత్రంలో తేడా ఉండదు, వరుస లోపల సన్నం, వరుసకూ వరుసకూ మధ్య వెడల్పు. అయినా, మొత్తం పేజీని అద్దంలోలా తిప్పేస్తే పొడవాటిది ఎడమకు వస్తుంది, మాంగాలా చదివించవచ్చు!

బడిగంట

తిప్పడం వద్దే వద్దు. పిల్లలకు బొమ్మలు కుడి నుంచి, అక్షరాలు ఎడమ నుంచి చదవమని చెప్పలేము. నేను మూడు, నాలుగు తరగతులకు చెబుతాను. బొమ్మల పుస్తకం ఇస్తే పిల్లలు మొదట అక్షరాలున్న చోటికి పోతారు, బొమ్మ తరువాత చూస్తారు. మాటలు లేని ప్యానెల్‌ను చాలామంది దాటేస్తారు. మూడోదానిలో మాటలే లేవన్నారు కదా, అది కూడా కారణమేమో చూడండి.

సిరాబుడ్డి

కుడినుంచి_ఎడమకు గారు రోగం సరిగ్గా పట్టారు. బడిగంట గారు చెప్పినది రెండో సగం. రెండూ కలిపి చూద్దాం.

ఇప్పుడు ఈ పేజీలో బుడగలు ఎక్కడ ఉన్నాయి? రెండోదానిలో తమ్ముడి బుడగ పై కుడి మూలలో, నిలువుసందును దాదాపు తాకుతోంది. నాలుగోదానిలో అక్క బుడగ పై ఎడమ మూలలో. రెండూ ఒకే ఎత్తులో, మధ్య దూరం ఒక సెంటీమీటరు కూడా లేదు. పాఠకుడు "లేదక్కా" చదవగానే పక్కనే "అదిగో!" కనబడుతోంది. ప్రశ్నకు జవాబులా ఉంది కూడా. మధ్యలో మూగగా కూర్చున్న మువ్వ దగ్గరికి దిగడానికి అతనికి ఏ పిలుపూ లేదు.

నేనైతే ఇలా చేస్తాను. మొదట సందులు తారుమారు చేయాలి. రెండు, మూడు మధ్య 6 ఉన్నదాన్ని 2 చేయండి, ఆ రెండింటికీ నాలుగుకూ మధ్య 3 ఉన్నదాన్ని 8 చేయండి. దగ్గరగా ఉన్నవి ఒక జట్టుగా కనబడతాయి, దూరంగా ఉన్నది తరువాతి మాటగా కనబడుతుంది. పెద్దగా గీయాల్సింది కూడా ఏమీ లేదు. నాలుగోదాని ఎడమ అంచున ఉన్నవి గడ్డిమోపులే, అక్కడ 5 మి.మీ. కోసేస్తే బొమ్మకు నష్టం లేదు. మూడోదాన్ని పైకి 4 మి.మీ. పెంచాలి, అక్కడ బురదే కాబట్టి నాలుగు గీతలతో సరిపోతుంది.

తరువాత బుడగలు. తమ్ముడి బుడగను పై కుడి మూల నుంచి తీసి రెండోదాని అడుగుకు తెచ్చి, సందు దాటి మూడోదానిలోకి కొంచెం దిగేలా పెట్టండి. బుడగ చదివే కన్ను దాని అడుగుతో పాటే మూడోదానిలోకి జారుతుంది. తోక మాత్రం పైకి, తమ్ముడి నోటివైపు. అది నోటి దాకా వెళ్లి గుచ్చుకోనక్కరలేదు, సగం దూరం దాటి దిక్కు చూపిస్తే చాలు.

అచ్చుమర

బుడగల మాటలో నాకు పేచీ లేదు, 2 మి.మీ. సందుకు మాత్రం ఉంది. ఏ4 నుంచి ఏ5కు తగ్గిస్తే ప్రతి కొలతా 71 శాతానికి దిగుతుంది. 2 మి.మీ. కాస్తా 1.4 అవుతుంది. తూనీగ గారి ప్యానెల్ గీతలు చూస్తే లావుగా ఉన్నాయి. చవక కాగితం మీద సిరా కొంచెం పాకుతుంది కూడా. రెండు లావు గీతల మధ్య 1.4 మి.మీ. తెలుపు మిగిలితే దూరం నుంచి అదంతా ఒకే నల్ల పట్టీలా కనబడుతుంది. పెద్ద యంత్రం మీద మంచి కాగితమైతే నిలుస్తుందేమో కానీ, వంద ప్రతులు జిరాక్సు తీయించేవారికి నేను 3 కన్నా తగ్గించమని చెప్పను.

సిరాబుడ్డి

ఒప్పుకుంటాను. 3, 8 పెట్టుకోండి. అచ్చులో 2.1, 5.7 అవుతాయి. తేడా రెండింతలకు పైనే ఉంది కాబట్టి పని జరుగుతుంది. తేడా కొట్టొచ్చినట్టు కనబడటమే ముఖ్యం. 4, 5 లాంటి అంకెలు పెడితే పాఠకుడు గమనించడు, గీసినవారి చెయ్యి వణికిందనుకుంటాడు.

వరుసల మధ్య అడ్డసందులు, అంటే ఒకటో ప్యానెల్ కింద, ఐదు ఆరు ప్యానెళ్ల పైన, ఆ 6 అలాగే ఉండనివ్వండి. అక్కడ మాంగా కొలత సరైనదే.

చుక్కలముగ్గు

సందు మార్చడం కన్నా నాకు ఇంకో దారి తోస్తోంది. మూడోదాని కుడి అంచును నాలుగోదాని మీదికి ఎక్కించేయండి. మువ్వ ఉన్న చెయ్యి పొడవాటి ప్యానెల్ మీద కొంచెం పరచుకుంటే, చూసేవారు మూడు నుంచే నాలుగుకు దాటుతారు. ముందున్నది ముందు చదువుతారు కదా.

సిరాబుడ్డి

అది మూడు నుంచి నాలుగుకు వంతెన. మన ఇబ్బంది రెండు నుంచి మూడుకు దిగడం. మీ వంతెన బాగుంది కానీ అవతలి ఒడ్డున కట్టారు. పైగా ఎక్కించిన చోట అక్క కాళ్లు ఉన్నాయి, అవి కప్పబడిపోతే ఆమె ఎక్కడ నిలబడిందో తెలియదు.

చుక్కలముగ్గు

కాళ్ల సంగతి చూడలేదు. అయినా పేజీ అడుగు భాగానికి ఆ ఉపాయం పనికొస్తుందనే నా అభిప్రాయం.

తూనీగ_గీతలు

సిరాబుడ్డి గారూ, నాలుగోదానిలో అక్క బుడగ సంగతి చెప్పలేదు. పై నుంచి తీసేస్తే ఎక్కడ పెట్టాలి?

సిరాబుడ్డి

కింద, అక్క తలకు కొంచెం ఎడమగా. పై మూల ఖాళీ ఆకాశంగా వదిలేయండి.

ఎందుకంటే మూడోది ముగించేసరికి పాఠకుడి కన్ను వరుస అడుగున ఉంటుంది. అక్కడి నుంచి కుడికి జరిగితే మొదట తగలాల్సింది అక్క, ఆమె మాట. "అదిగో! లారీ మీద!" చదివాక ఆమె చాచిన చెయ్యి వెంబడి కన్ను పైకి వెళుతుంది, మోపులు ఎక్కుతుంది, చిట్టచివర మేకపిల్ల. ఇప్పుడున్నట్టు బుడగ మేక పక్కనే ఉంటే ఆ పొడవంతా వృథా, చూడగానే మేక, అయిపోయింది. అంత ఎత్తు ప్యానెల్ పెట్టారంటే ఎక్కడానికే కదా పెట్టారు!

కుడినుంచి_ఎడమకు

ఇక్కడ నేను ఒప్పుకోను. కన్ను పైకి ఎక్కి మేక దగ్గర ఆగితే, ఐదో ప్యానెల్ ఎక్కడుంది? పేజీకి ఆ కొసన, కింద ఎడమ మూల. పై కుడి నుంచి కింద ఎడమకు మొత్తం పేజీ దాటాలి. దారిలో రెండు, మూడు మళ్లీ అడ్డొస్తాయి. మేకపిల్లనే మోపుల నడుమకు దించి, బుడగ పైన ఉంచితే కన్ను పై నుంచి కిందికి సాఫీగా దిగి ఐదుకు వెళుతుంది.

సిరాబుడ్డి

దూరం ఉన్న మాట నిజం. కానీ వరుస మారినప్పుడల్లా కుడి కొస నుంచి ఎడమ కొసకు పోవడం మనకు అక్షరాలు చదివేటప్పటి అలవాటే. పైగా పాఠకుడు బొమ్మను ఒకసారి పైకి చూసి, మళ్లీ అక్క ముఖం దగ్గరికి వస్తాడు, మనుషుల ముఖాలు లాగుతాయి. ఆమె ముఖం కిందే ఉంది.

కుడినుంచి_ఎడమకు

ముఖం దగ్గరికి వస్తాడని మీ నమ్మకం. నేను రాను. మేకపిల్ల ముఖం ఇంకా బాగుంది.

బడిగంట

ఇద్దరూ వాదించుకునే బదులు రెండు రకాలుగా గీసి పిల్లలకు ఇవ్వండి. చదవమన్నప్పుడు వేలు పెట్టి, పైకి చదవమనండి. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వచ్చిందో చూడండి. "అర్థమైందా?" అని మాత్రం అడగవద్దు, పిల్లలు ఎప్పుడూ అయిందనే అంటారు. పేజీ మూసేసి "ఏం జరిగింది?" అని అడగండి. మువ్వ సంగతి వాళ్లంతట వాళ్లు చెబితే మూడో ప్యానెల్ పని చేసినట్టు.

పాలపిట్ట

నేను ఇంగ్లీషు బొమ్మల కథలు తెలుగులోకి తెస్తుంటాను. అందుకని ఐదు, ఆరు ప్యానెళ్ల ఇరుకు గురించి చెబుతాను, ఎందుకో ఇక్కడ ఎవరూ అటు వెళ్లలేదు.

ఇంగ్లీషు బొమ్మల కథల్లో ఎక్కువగా పెద్ద అక్షరాలే వాడతారు, అవన్నీ ఒకే ఎత్తు. కాబట్టి పంక్తులు దగ్గరగా పేర్చినా చెల్లుతుంది. మనకు పైన గుడి, ఏత్వం, కింద వత్తులు, వత్తు కింద ఇంకో వత్తు. "క్ష్మి" రాసిన పంక్తి కింద "కీ" రాసి చూడండి, దగ్గరగా పేర్చితే పై వత్తు కింది గుడిని పొడుస్తుంది. ఇంగ్లీషు బుడగలో తెలుగు నింపమని ఇచ్చిన ప్రతిసారీ నాకు ఎదురయ్యే పేచీ ఇదే, వెడల్పు సరిపోయినా ఎత్తు చాలదు.

తూనీగ గారు ఆరో ప్యానెల్‌లో పంక్తుల మధ్య దూరం నొక్కేశారు. అక్షరాలు ఎన్ని పాయింట్లు? చూస్తే 10 లా ఉన్నాయి. అచ్చుమర గారి లెక్కన అచ్చులో 7 అవుతాయి. పిల్లల పుస్తకానికి 7 ఏమాత్రం చాలదు. అచ్చులో 9 అయినా రావాలంటే ఏ4 మీద 13 పెట్టాలి.

తూనీగ_గీతలు

అవును, 10 పాయింట్లే. 13 పెడితే బుడగ ప్యానెల్‌లో సగం మింగేస్తుంది! కుర్రాడు, లారీ ఎక్కడ పట్టాలి?

పాలపిట్ట

మాట తగ్గించాలి. ఆరోదానిలో తమ్ముడి మాట "మేకపిల్లనెక్కించుకుని వెళ్లిపోతున్నాడక్కా, ఇప్పుడేం చేద్దాం, అమ్మకేం చెబుతాం?" కదా. బుడగ వెడల్పు ఎంత ఉండాలో మీరు నిర్ణయించడం లేదు, అందులో ఉన్న అతి పొడవైన పదం నిర్ణయిస్తోంది. "మేకపిల్లనెక్కించుకుని" ఒక్కటే ఒక పంక్తి. దాన్ని మధ్యలో విరిస్తే పిల్లలు తడబడతారు, విరవకపోతే బుడగ ఉబ్బుతుంది. పక్క పంక్తులు పొట్టిగా ఉండి అటూ ఇటూ వట్టి తెలుపు మిగులుతుంది.

లారీ వెళ్లిపోతోందని బొమ్మే చెబుతోంది. "అక్కా! లారీ పోతోంది!" అని ఒక చిన్న బుడగ, దానికి కొంచెం కింద కుడివైపు "అమ్మకేం చెబుదాం?" అని ఇంకొకటి. ఒకే మనిషివి కాబట్టి రెండింటినీ సన్నని మెడతో కలపండి. 13 పాయింట్లలో కూడా పడతాయి. పదాలన్నీ పొట్టివి కాబట్టి పంక్తులు మధ్యలో వెడల్పుగా, పైనా కిందా సన్నగా అమరుతాయి. అక్షరానికీ బుడగ గీతకూ మధ్య చుట్టూ ఒక అక్షరమంత ఖాళీ ఉంచండి. మీకు ఇరుకు అనిపించింది అందువల్లే, అక్షరాలు గీతను తాకుతున్నాయి.

కొత్తకుంచె

బుడగ ముందు గీసి తరువాత అక్షరాలు పెడతారా, అక్షరాలు ముందా?

పాలపిట్ట

అక్షరాలే ముందు. పెన్సిల్ దశలోనే మాటలు అసలు కొలతలో పేజీ మీద పెట్టుకుని, చుట్టూ బుడగ గీసి, మిగిలిన చోటులో మనుషులను పెట్టాలి. బొమ్మ పూర్తయ్యాక బుడగకు చోటు వెతికితే ఎవరి తలో ఒకరిది కప్పాల్సిందే.

సిరాబుడ్డి

పాలపిట్ట గారు చెప్పినదానికి ఒక్క చేర్పు. తమ్ముడి తల పైన ఇప్పుడు బుడగ ప్యానెల్ పై గీతకు అర మిల్లీమీటరు దూరంలో ఉంది. అయితే గీతకు పూర్తిగా ఆనించండి, లేదా స్పష్టంగా దూరం జరపండి. అంటీ అంటనట్టు ఉంటే కన్ను అక్కడే చిక్కుకుంటుంది.

ఇక ఐదో ప్యానెల్. ఇరుకుతో పాటు అక్కడ ఇంకో చిక్కు ఉంది. అక్క ఎడమ, డ్రైవరు కుడి. బుడగలు రెండూ ఒకే ఎత్తులో. ముందు మాట్లాడేది డ్రైవరు: "ఏం కావాలమ్మా?" జవాబు అక్కది: "మా మేకపిల్ల మీ లారీ ఎక్కింది!" పాఠకుడు ఎడమది ముందు చదువుతాడు కాబట్టి జవాబు ముందు, ప్రశ్న తరువాత వస్తున్నాయి.

రాత్రిబండి

ఆ ఒక్క ప్యానెల్‌నూ కంప్యూటర్‌లో అద్దంలా తిప్పేస్తే డ్రైవరు ఎడమకు వస్తాడు. క్షణం పని.

అచ్చుమర

లారీ ముందుభాగం కుడివైపుకు ఉంది కాబట్టి మనకు డ్రైవరు తలుపు కనబడుతోంది, అది మన దేశపు బండికి సరైనదే. తిప్పితే డ్రైవరు బండికి ఎడమవైపు కూర్చున్నట్టు అవుతుంది. తలుపు మీది అక్షరాలు తిరగబడతాయి. నాలుగులో, ఆరులో కుడికి పోతున్న లారీ ఐదులో ఒక్కసారి ఎడమకు తిరుగుతుంది. లారీలంటే ప్రాణం పెట్టే పిల్లవాడు తరగతికి ఒకడైనా ఉంటాడు, వాడు వదలడు.

సిరాబుడ్డి

తిప్పనక్కరలేదు. డ్రైవరు క్యాబిన్‌లో ఎత్తున కూర్చున్నాడు, అక్క నేల మీద ఉంది. ఆ ఎత్తునే వాడుకోండి. డ్రైవరు బుడగ ప్యానెల్ పై గీతకు ఆనించి, ఎడమకు బాగా సాగదీయండి, తోక కుడికి అతనివైపు. అక్క బుడగ దాని కన్నా స్పష్టంగా కిందికి రావాలి. అంటే అక్క బుడగ పై అంచు, డ్రైవరు బుడగ కింది అంచు కన్నా కిందే ఉండాలి. సగం పైన సగం కింద అన్నట్టు ఉంటే ఎడమ గెలుస్తుందో పై గెలుస్తుందో పాఠకుడికే తెలియదు. తోకలు ఒకదాన్నొకటి దాటకుండా చూడండి.

తూనీగ_గీతలు

అన్నీ చేసి కొత్త పేజీ జత చేశాను. సందులు 3, 8. తమ్ముడి బుడగ మూడోదానిలోకి దిగింది. ఆరోదానిలో మాట తగ్గింది. రాత్రిబండి గారి ఖాళీ మాట గుర్తుంచుకుని మూడోదానిలో వెనక ఉన్న సంత జనాన్ని చెరిపేశాను, బురద, చెయ్యి, మువ్వ, పక్కన చిన్నగా "ఘల్". మిగిలినదంతా తెలుపు.

బడిగంట గారు చెప్పినట్టు వేలు పెట్టి చదివించాను, ఈ పేజీ ఎప్పుడూ చూడని పిల్లలతో. రెండు నుంచి మూడుకు అందరూ దిగారు. అక్క బుడగ కింద పెట్టిన నాలుగోదాని దగ్గర మాత్రం ఒక పాప మేకను చూశాక వేలు తీసి, ఆరోదాని మీద పెట్టి, మళ్లీ ఐదుకు వచ్చింది.

కుడినుంచి_ఎడమకు

నేను చెప్పలేదా?

సిరాబుడ్డి

పాప ఒక్కతే అయినా పట్టించుకోవాల్సిందే. నాలుగు కింద ఆరు నిలువునా సరిగ్గా ఒకే అంచుకు ఉన్నాయి, అందువల్ల నాలుగు నుంచి నేరుగా కిందికి జారింది. ఐదు, ఆరు మధ్య నిలువుసందును ఒక సెంటీమీటరు కుడికి జరిపి చూడండి. పై వరుస సందుతో అది కలవకుండా ఉంటే నిలువు దారి తెగుతుంది. ఐదోదానికి మాటలు ఎక్కువ, వెడల్పు దానికే కావాలి కూడా. బుడగ పైనా కిందా అన్నది దాని తరువాత చూద్దాం.

చుక్కలముగ్గు

ఇంకో సంగతి. ఏడో పేజీ అంటే పుస్తకంలో కుడిపక్క పేజీ. మేక కనబడటం లాంటి పెద్ద సంగతి పేజీ తిప్పాక, ఎనిమిదిలో మొదటి ప్యానెల్‌గా వస్తే ఎంత బాగుంటుంది? మువ్వతో ఏడు ముగించండి. అప్పుడు ఈ పొడవాటి ప్యానెల్ గొడవే లేదు. పుస్తకం తెరవగానే పాఠకుడు రెండు పేజీలూ ఒక్క చూపులో చూసేస్తాడు, పొడవాటి మేక బొమ్మను ఏ సందూ దాచలేదు.

సిరాబుడ్డి

ఈ మాట నిజంగా ఆలోచించదగ్గది. అయితే ఇప్పుడు కూడా లారీ కుడికి పోతూ పేజీ చివర కింది మూలకు చేరుతోంది, పేజీ తిప్పించడానికి అదీ మంచి కొక్కెమే. రెంటిలో ఏది బలమైనదో ఎనిమిదో పేజీ చూడకుండా నేను చెప్పలేను.

బడిగంట

నాకు మువ్వ దగ్గర ఆగడమే నచ్చింది. పిల్లలు "తరువాత?" అని అడిగేది అక్కడే.

అచ్చుమర

ఏ నిర్ణయమైనా 16 పేజీలు 16 గానే ఉండాలి, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. ఒక్క పేజీ పెరిగినా 20కి పోవాలి. మేకను ఎనిమిదికి జరిపితే అక్కడి నుంచి ఏం తగ్గిస్తారో ముందు చూసుకోండి.

తూనీగ_గీతలు

ఎనిమిదిలో ఇప్పుడు ఐదు ప్యానెళ్లు ఉన్నాయి, లారీ వెంట పరుగు. ఐదు, ఆరు మధ్య సందు జరిపి, ఎనిమిదో పేజీ పెన్సిల్ గీతలతో కలిపి ఆదివారం పెడతాను. అందులో రెండోది, మూడోది కలిపి ఒకటి చేయవచ్చేమో చూసి చెప్పండి.